గ్రూప్ ఫోటోలో మూసుకున్న కళ్లు: ముఖం మార్చండి, కళ్లు పుట్టించకండి

12 మంది నిలబడి ఫోటో దిగితే 11 మంది బాగానే పడతారు, మిగిలిన ఒక్కరు కళ్లు మూసేస్తారు. ఆ ఒక్కరి ముఖాన్ని పక్క ఫ్రేమ్‌లోంచి తెచ్చి పెట్టడం ఇప్పుడు ఫోన్‌లో రెండు ట్యాప్‌ల పని. 2023లో పిక్సెల్ 8తో గూగుల్ దీన్ని బెస్ట్ టేక్ పేరుతో ఇచ్చాక చాలామంది ఇదేదో కొత్త మ్యాజిక్ అనుకున్నారు. కానీ ఐడియా పాతదే. విండోస్ లైవ్ ఫోటో గ్యాలరీ 2011లో ఫోటో ఫ్యూజ్ అని ఉండేది. 2013లో బ్లాక్‌బెర్రీ 10 ఫోన్లలో టైమ్ షిఫ్ట్ వచ్చింది. అన్నీ చేసేది ఒక్కటే: అదే మనిషి, అదే చోట, కాస్త ముందో వెనకో పడిన ముఖం.

దీన్ని "ఫేక్ ఫోటో" అని కొట్టిపారేసే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అలాగని ఏ యాప్ ఎలా కళ్లు తెరిపించినా ఓకే అనీ అనను. కళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే నా లెక్కలో అసలు పాయింట్. అది అర్థం కావాలంటే ముందు రెప్ప గురించి చిన్న లెక్క చూడాలి.

ఈ లెక్క నిజంగానే ఇద్దరు చేశారు. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్. దీనికి వాళ్లకి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ఫోటోకి నిలబడ్డ మనిషి నిమిషానికి సుమారు 10 సార్లు రెప్ప వేస్తాడు, ఒక్కో రెప్పకి పావు సెకను పడుతుంది. అంటే ఏ క్షణంలో క్లిక్ చేసినా ఒక మనిషి కళ్లు మూసి ఉండే అవకాశం దాదాపు 4%. ఒక్కరికి ఇది చిన్న విషయమే. 12 మందికి ఒకేసారి కళ్లు తెరిచి ఉండాలంటే మాత్రం:

```
(1 - 0.25/6)^12 ≈ 0.60
```

ఒక్క క్లిక్‌తో గెలిచే ఛాన్స్ 60% మాత్రమే. అందుకే వాళ్లు ఒక సింపుల్ రూల్ చెప్పారు. 20 మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని 3తో భాగించి అన్ని ఫోటోలు తీయండి, వెలుతురు తక్కువైతే 2తో భాగించండి. 12 మందికి 4 ఫోటోలు. వాటిలో కనీసం ఒకటైనా అందరి కళ్లూ తెరిచి ఉండే అవకాశం పై లెక్క ప్రకారం 97% దాటుతుంది.

ఇప్పుడు మన పెళ్లి ఫోటోలకి రండి. స్టేజ్ మీద 40 మంది. ఒక్క ఫోటోలో అందరూ కళ్లు తెరిచి ఉండే ఛాన్స్ 18%. నాలుగు తీసినా 55 దగ్గరే ఆగిపోతుంది. ముఖం మార్చే పద్ధతి లెక్కని తిరగేసేది ఇక్కడే. ఇప్పుడు అందరూ ఒకే ఫ్రేమ్‌లో కళ్లు తెరవక్కర్లేదు, ఒక్కొక్కరూ ఏదో ఒక ఫ్రేమ్‌లో తెరిస్తే చాలు. అదే 40 మందికి మూడు ఫ్రేములు తీస్తే, ప్రతి ఒక్కరికీ కనీసం ఒక మంచి ముఖం దొరికే అవకాశం 99% పైనే. కళ్లని కొత్తగా "తయారు" చేయాల్సిన అవసరం దాదాపు రాదు. నిజమైన ముఖం ఆల్రెడీ మీ గ్యాలరీలోనే ఉంది.

కానీ ఈ లెక్కకి ఒక షరతు ఉంది: ఫ్రేములు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలి. షట్టర్ బటన్ నొక్కి పట్టుకుని సెకనుకి 10 చొప్పున బర్స్ట్ తీస్తే, పావు సెకను రెప్ప వరసగా రెండు మూడు ఫ్రేముల్లో పడుతుంది. పది ఫోటోలు ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ రెప్ప విషయంలో అవి పది వేర్వేరు ఛాన్సులు కావు. ఫ్లాష్ ఇంకా ఘోరం. వెలుతురు కొలవడానికి ముందు ఒక చిన్న ఫ్లాష్ వెలుగుతుంది, దానికి కళ్లు మూసుకునే వాళ్లు అసలు ఫోటోలో దొరికిపోతారు. అలాంటి వాళ్లు ప్రతి ఫ్రేమ్‌లోనూ మూసే ఉంటారు. కాబట్టి ఫ్లాష్ ఆపేయండి, ఒక్కో క్లిక్‌కి మధ్య ఒక సెకను గ్యాప్ ఇవ్వండి, "కదలొద్దు, ఇంకో రెండు" అని గట్టిగా చెప్పండి. ఇంతకన్నా పెద్ద టెక్నిక్ ఏమీ లేదు.

ఇక మార్చడం ఎలాగో, ఎక్కడ తేడా కొడుతుందో ఒక కేసులో చూద్దాం. మా అక్క వాళ్ల గృహప్రవేశం ఫోటోలు నేను ఫోటోషాప్‌లో చేతితోనే చేశాను. ఫోన్ లోపల ఏం జరుగుతుందో చేతితో చేస్తేనే తెలుస్తుంది. 12 మంది, 5 ఫ్రేములు. మూడోది అన్నిటికన్నా బాగుంది, కానీ అందులో పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నాలుగో ఫ్రేమ్‌లో కళ్లు తెరిచింది గానీ, చంకలో పిల్లాడి వైపు తల కొంచెం తిప్పింది. తల తిరిగితే ముక్కు గీత, చెవి, దవడ నీడ అన్నీ మారిపోతాయి. ఆ ముఖాన్ని పాత మెడ మీద పెడితే ఏం తప్పో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని చూసిన ప్రతివాళ్లకీ తెలుస్తుంది. మొదటి ఫ్రేమ్‌లో తల సరిగ్గా అదే కోణంలో ఉంది, చూపు కూడా కెమెరా వైపే. అది తీసుకున్నాను.

ముందు `File > Scripts > Load Files into Stack` తో రెండు ఫ్రేముల్నీ లేయర్లుగా తెచ్చి, రెండిటినీ సెలెక్ట్ చేసి `Edit > Auto-Align Layers` నడిపాను. చేత్తో పట్టుకున్న ఫోన్ ప్రతి క్లిక్‌కీ కాస్త జరుగుతుంది, దాన్ని ఇది సరిచేస్తుంది. తర్వాత మొదటి ఫ్రేమ్‌ని పైన ఉంచి, దానికి నల్ల మాస్క్ వేసి మొత్తం దాచేశాను. మెత్తటి అంచు ఉన్న తెల్ల బ్రష్‌తో పెద్దమ్మ ముఖం మీద మాత్రమే రుద్దితే కొత్త ముఖం బయటికి వస్తుంది.

అతుకు ఎక్కడ వేస్తామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చెంప మధ్యలో వేస్తే రంగు తేడా వెంటనే పట్టిస్తుంది. జుట్టు మొదలయ్యే చోట, దవడ కింద నీడలో వేస్తే కనపడదు. ఈ ఫోటోలో ఇబ్బంది పెట్టింది జుంకాలు. రెండు ఫ్రేముల్లో అవి వేరే వేరే వైపు ఊగుతున్నాయి, మాస్క్ అంచు మధ్యలో పడగానే ఒకే చెవికి రెండు జుంకాలు వచ్చాయి. చెవితో సహా మొత్తం కొత్త ఫ్రేమ్ నుంచి తీసుకుంటే సర్దుకుంది. జడలో మల్లెపూలు, భుజం మీద బాబాయి చెయ్యి మాత్రం మూడో ఫ్రేమ్‌వే ఉంచాను.

మొత్తం ముఖం ఎందుకు, కళ్లు రెండూ కత్తిరించి పెడితే సరిపోదా అంటారా? సరిపోదు. నిజంగా నవ్వినప్పుడు చెంపలు పైకి లేచి కింది రెప్పని నెడతాయి, కంటి చివర ముడతలు పడతాయి. నవ్వుతున్న నోటి మీద మామూలుగా చూస్తున్న కళ్లు పెడితే, మనిషి భయపడి నవ్వుతున్నట్టు ఉంటుంది. ఫోటోషాప్ ఎలిమెంట్స్ 2018లో వచ్చిన ఓపెన్ క్లోజ్డ్ ఐస్ ఫీచర్‌తో నా గొడవ ఇదే. అదే మనిషి ఇంకో ఫోటో నుంచి కళ్లు తేవచ్చు, అది కొంత నయం. కానీ సాంపిల్‌గా వేరే వాళ్ల కళ్లు కూడా అందులో ఇచ్చారు. మీ తాతయ్య ముఖంలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కళ్లు! జనరేటివ్ ఏఐ కళ్లు గీసి పెట్టినా సంగతి అదే. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ ఆ కళ్లు తాతయ్యవి కావు. పదేళ్ల తర్వాత ఫ్రేమ్ కట్టి గోడకి తగిలించిన ఫోటో అదొక్కటే అయితే, ఇంట్లో పిల్లలు ఆయన చూపు అదే అనుకుంటారు. ఆ తేడా చెప్పేవాళ్లు ఉండరు.

అందుకే నా గీత ఇక్కడ. రెప్ప అనేది ఎవరూ కావాలని చేసేది కాదు, పావు సెకను పాటు పడే తెర. అక్కడ నిలబడ్డ వాళ్లకి పెద్దమ్మ కళ్లు మూసుకున్నట్టు అనిపించనే లేదు. రెండు సెకన్ల తేడాలో పడిన ఆమె సొంత ముఖాన్నే పెడితే, అందరూ చూసిందే ఫోటోలోకి వస్తుంది. హావభావం అలా కాదు. ఒకళ్లు సీరియస్‌గా నిలబడితే అది వాళ్ల ఇష్టం. అలిగి నిలబడ్డ మరదలికి వేరే ఫ్రేమ్‌లోని నవ్వు తెచ్చి పెడితే, ఆమె చెప్పని మాట చెప్పించినట్టే. బెస్ట్ టేక్ లాంటి ఫీచర్లు కళ్లతో పాటు నవ్వుల్ని కూడా ఒకే వరసలో పెట్టి "ఏది కావాలో ఎంచుకోండి" అంటాయి. టెక్నికల్‌గా రెండూ ఒకటే పని. మనకి మాత్రం ఒకటి కాకూడదు. నవ్వు మార్చాలంటే ముందు ఆ మనిషిని అడగండి.

ఇంకో లిమిట్ కూడా తెలిసుండాలి. అసలు ఫోటోని ఫోన్ చాలా ఫ్రేములు కలిపి ఫుల్ రిజల్యూషన్‌లో తయారుచేస్తుంది. ముఖం మోషన్ ఫోటోలోని వీడియో ముక్క నుంచి వస్తే రిజల్యూషన్ సాధారణంగా తక్కువ. 100% జూమ్ చేసి పక్కవాళ్లతో పోల్చండి: ఒక్క ముఖం మాత్రం మెత్తగా, చర్మం నున్నగా ఉంటే అది అక్కడి నుంచి వచ్చిందని అనుమానించాలి. కళ్లజోడు అంచు రెండుగా కనిపించడం, అద్దంలో ట్యూబ్‌లైట్ మెరుపు సగంలో తెగిపోవడం, ఒక్కరి చూపే పక్కకి ఉండటం మిగతా గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంకో ఫ్రేమ్ ట్రై చేయండి. అదీ కుదరకపోతే మూసుకున్న కళ్లతోనే వదిలేయండి, నష్టమేమీ లేదు.

కొత్త ఫోన్ రివ్యూల్లో ఈ ఫీచర్‌కి "వర్క్ అవుతుంది, బాగుంది" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నారు. నాకైతే మూడు జవాబులు కావాలి. ముఖం ఏ ఫ్రేమ్ నుంచి వచ్చిందో ఫోన్ చూపిస్తోందా? మంచి ఫ్రేమ్ దొరకనప్పుడు "దొరకలేదు" అంటోందా, లేక చెప్పకుండా కళ్లు గీసేస్తోందా? మార్చిన ఫోటోని కాపీగా సేవ్ చేసి, అసలు ఫ్రేములన్నీ అలాగే ఉంచుతోందా? మూడోది కొంతవరకు మన చేతిలోనే ఉంది. స్టోరేజ్ నిండిందని మిగతా ఫ్రేములు డిలీట్ చేసే ముందు, కనీసం ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న ఫోటోలవైనా దాచుకోండి. ఒక్కోటి కొన్ని ఎంబీలే.