పేదరికానికి తహసీల్దార్ సంతకం చాలు, సారు రాయాల్సింది వేరే



బీరంగూడలో మా గదుల పక్కనే ఉండే ఒక చెల్లె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. తల్లి పాశమైలారంలో ప్యాకింగ్ పనికి పోతది. బయటి దేశంలో చదువుకు స్కాలర్‌షిప్ కోసం వాళ్ల సారును సిఫార్సు లేఖ అడిగింది. సారు మంచిమనసుతోనే ఇచ్చిండు. అందులో ఉన్నది ఇంతే: "కష్టపడే గుణం, క్రమశిక్షణ ఉన్న అమ్మాయి. నిరుపేద గిరిజన కుటుంబం. సాయం చేయగలరు."

పేరు మారిస్తే ఈ లేఖ మనలో ఎవరికైనా సరిపోతది. అందుకే ఎవరికీ పనికిరాదు.

కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ఫైల్‌లో ముందే ఉంటయి. వాటినే సారు మళ్లీ చెప్తే కొత్తగా తెలిసేదేంది? కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే. అక్కడ పోటీ మన పిల్లల మధ్యనే. మనల్ని జాలితో పరిచయం చేస్తే, మన చదువు ఎవరికి కనిపిస్తది?

ఆ సారు కళ్లముందే జరిగింది వేరే ఉంది. చెల్లె తన గల్లీ బోరు నీళ్ల కాఠిన్యం ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచింది. ఎరుపు నుంచి నీలానికి రంగు తేటగా మారలేదు. అంకె ఏదో ఒకటి రాసి వదిలేయలేదు. బఫర్ సీసా పాతదని, అమోనియా ఎగిరిపోయి ఉంటదని అనుమానించి, కొత్తది కలుపుకొని మూడుసార్లు మళ్లీ చేసింది. మొదటి రీడింగ్‌లను కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో రికార్డులో రాసింది. ఈ నాలుగు మాటలు రాస్తే చాలు, "కష్టపడుతది" అని వేరే చెప్పే పని లేదు. "సెమినార్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి తడబడేది, ఇప్పుడు మెరుగైంది" అని కూడా రాస్తే మిగతా మాటలు మరింత నమ్ముతరు.

"అరవై మందిలో ఎవరేం చేసిన్రో ఎట్ల గుర్తుంటది?" అని సార్లు అంటరు. నిజమే. అందుకే మనం మూడు వారాల ముందే పోవాలి. ఒక్క పేజీ ఇవ్వాలి: ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్ చెప్పిన్రు, ఏ ప్రాజెక్టు చేసినం, ఎక్కడ తప్పు పోయింది, ఎట్ల సరిదిద్దుకున్నం, ఆఖరు తేదీ ఎప్పుడు. రికార్డు బుక్ కూడా పట్టుకపోవాలి.

"నువ్వే రాసుకొని రా, సంతకం పెడతా" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మన దరఖాస్తు భాష, సారు లేఖ భాష ఒక్కటే అయితే చదివేటోళ్లు పసిగడతరు. పోయేది మన మాట విలువే.

సార్లూ, మేడమ్‌లూ, మాకు జాలి వద్దు. మీరు చూసింది రాయండి, చాలు.