అప్పు తెచ్చి చూపిన నిల్వ

బ్రిటన్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు విజిటర్ వీసా మాట రాగానే అడిగే మొదటి ప్రశ్న, అకౌంట్‌లో ఎంత ఉండాలని. ఇంత ఉండాలన్న అంకె ఆ దేశపు నిబంధనల్లో ఎక్కడా లేదు. అంకె లేదు కాబట్టే, ఎంత పెద్దది చూపిస్తే అంత మంచిదన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. చాలా దరఖాస్తులను ముంచుతున్నది ఆ నమ్మకమే.

గుంటూరు దగ్గర మిర్చి పండించే ఒక రైతు దంపతులను ఊహించుకుందాం. కూతురు బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తోంది, వీళ్లు ఆరు వారాలు వెళ్లి మనవణ్ణి చూసి రావాలి. జనవరిలో ఖాతాలో 38 వేలున్నాయి. మార్చిలో కమీషన్ కొట్టు నుంచి ఆర్టీజీఎస్‌లో 4,60,000, ఏప్రిల్‌లో మరో 2,85,000 పడ్డాయి. పంట రుణం కింద 2,40,000, ఎరువుల కొట్టుకు, కూలీలకు 1,90,000 పోయాయి. ఇంటి ఖర్చు తీసేస్తే మే నెలాఖరుకు 3,10,000 మిగిలింది. జూన్ 6న బావమరిది 5 లక్షలు వేశాడు. "వీసా వచ్చాక తిరిగిద్దువులే బావా" అన్నాడు. 12న 8,10,000 నిల్వతో దరఖాస్తు పెట్టారు. తిరస్కరణ వచ్చింది.

అధికారి కన్ను ఆఖరి వరుస మీద ఆగదు. ఆ నిల్వ ఎలా పోగైందో వెనక్కి చదువుతుంది. మిర్చి సొమ్ము పెద్దదే అయినా దానికో తీరుంది: కొట్టు పేరుంది, రెండు విడతలుగా వచ్చింది, వెంటనే అప్పు తీరింది, ఎరువుల బాకీ తీరింది. అది బతుకుతున్న ఖాతా. జూన్ 6 వరుసకు ముందూ వెనకా ఏమీ లేదు. పైగా ఫారంలో ఆదాయం, నెల ఖర్చు, ప్రయాణానికి అయ్యే మొత్తం రాయాలి. రాసిన ఆదాయంలో అంత మిగులుకు చోటు లేనప్పుడు, ఈ డబ్బు నిజంగా వీళ్లదేనా, ఖర్చు పెట్టుకునే హక్కు వీళ్లకుందా అన్న సందేహం వస్తుంది. ఆ సందేహం డబ్బుతో ఆగదు. ఇక్కడ పూర్తి నిజం చెప్పనివాళ్లు తిరిగి వెళ్తామన్న మాట మాత్రం ఎలా నమ్మాలన్నదాకా పోతుంది.

చిత్రమేమిటంటే ఆ 5 లక్షల అవసరమే లేదు. బస, ఖర్చులు కూతురు భరించవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. దానికి ఆమె జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి చిరునామా ఆధారం, ఒక ఉత్తరం కావాలి. తల్లిదండ్రుల ఖాతా నిరూపించాల్సింది ఐశ్వర్యాన్ని కాదు, ఊళ్లో వాళ్లకొక బతుకుందని. ఆ పని 3,10,000 బాగానే చేసేది.

విద్యార్థి వీసా లెక్క వేరు. అక్కడ అంకె ఉంది. ఆ మొత్తం వరుసగా 28 రోజులు ఒక్క పూట కూడా తగ్గకుండా ఉండాలి. 27వ రోజున తీసి మర్నాడు వేసినా లెక్క తప్పినట్టే. డబ్బు విద్యార్థి ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో ఉండాలి, బాబాయి ఖాతా పనికిరాదు. ఈ పద్ధతి చూసినవాళ్లు దాన్నే విజిటర్ వీసాకూ అంటగట్టి, నెలరోజులు డబ్బు కదపకపోతే చాలంటారు. కానీ విజిటర్ వీసాకు నెలరోజుల నిల్వ ఒక్కటే డబ్బు మూలాన్ని చెప్పదు.

తప్పంతా మనదేనని నేననను. నెలనెలా ఒకే తేదీన జీతం పడే ఖాతాను చదవడం తేలిక. వ్యవసాయం సొమ్ము ఏడాదికి ఒకటి రెండుసార్లు కుప్పగా వస్తుంది. ఆ ఆదాయానికి మనదేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి, చాలామంది రైతుల దగ్గర చూపడానికి రిటర్నులూ ఉండవు. మన పంటల క్యాలెండరు తెలియని అధికారికి కాగితాల మీద మిర్చి సొమ్ము కూడా అనుమానంగా కనిపించవచ్చు. ఫోన్ చేసి అడగాల్సిన బాధ్యత ఆయనకు లేదు. మామూలు విజిటర్ తిరస్కరణ మీద అప్పీలూ లేదు. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ పెట్టుకోవడమే. ఇది నా దృష్టిలో అన్యాయమే.

అందుకే జవాబు అడగకముందే జత చేయాలి. ప్రతి పెద్ద జమ పక్కనా దాని కాగితం ఉండాలి: మిర్చికి కొట్టువాళ్లిచ్చిన పట్టీ, పొలానికి పట్టాదారు పాసుపుస్తకం, స్థలం అమ్మితే రిజిస్టరైన దస్తావేజు, బంగారం అమ్మితే బిల్లు. కాగితం లేని నగదును దరఖాస్తు ముందు ఖాతాలో వేయకపోవడమే మేలు. దొంగ పట్టీ పుట్టించడం మరీ ప్రమాదం. మోసమని తేలితే పదేళ్లపాటు ఆ దేశం తలుపు మూసుకుపోవచ్చు.

మన దంపతులు రెండోసారి పెట్టేటప్పుడు 5 లక్షలు బావమరిదికి వెనక్కి వేశారనుకోండి. జమా, తిరుగు చెల్లింపూ రెండూ కొత్త స్టేట్‌మెంట్లో కనిపిస్తాయి, పాత తిరస్కరణ కూడా ఫారంలో చెప్పి తీరాలి. దాచే వీలు లేదు కాబట్టి ఉత్తరంలో రెండు వాక్యాలు రాయాలి: ఆ డబ్బు చేబదులు, ఫలానా తేదీన తిరిగిచ్చాం. మిగతాది పట్టీలూ కూతురి జీతం స్లిప్పులూ చెబుతాయి.