చెవికి అడ్డుపడే అలంకారం

చూపులేని విద్యార్థి కంప్యూటరును చెవితో చదువుతాడు. తెరపైని అక్షరాలను స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ అతనికి పలికి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభమై, నేటికీ ఉచితంగా లభిస్తున్న ఎన్.వి.డి.ఎ. అటువంటిదే.

ఒక కళాశాల తన వెబ్ పేజీలో పరీక్షల ప్రకటనను ఇలా ఆరంభించిందనుకుందాం:

```
**** ముఖ్య గమనిక ****
```

కంటికి ఆ చుక్కలు తోరణంలా కనిపిస్తాయి. చెవికి మాత్రం "స్టార్ స్టార్ స్టార్ స్టార్" అని, లేదా "నాలుగు స్టార్లు" అని వినిపించిన తరువాతనే అసలు మాట అందుతుంది. విషయం ముగిసేసరికి అదే గోల మళ్ళీ మొదలవుతుంది.

గుర్తులను పలకకుండా అమర్చుకోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే. కాని అప్పుడు గణితపాఠంలోని 5*3 అనే లెక్కలో గుణకార చిహ్నం కూడా మూగబోతుంది. వినేవానికి "5 3" మాత్రమే మిగులుతుంది. కనుక ఆ భారాన్ని శ్రోతపై మోపడం న్యాయం కాదు.

ఇంతకు మించిన నష్టం మరొకటి ఉంది. వెబ్ పేజీలో H మీట నొక్కితే స్క్రీన్ రీడర్ తరువాతి శీర్షికకు చేరుస్తుంది. చుక్కలతో అలంకరించిన పంక్తి దానికి శీర్షిక కాదు, మామూలు వాక్యమే. అందువల్ల అసలు గమనికనే దాటిపోయే ప్రమాదం ఉంది.

చుక్కలను తొలగించి, ఆ పంక్తికి "హెడింగ్ 1" అనే శైలిని వర్తింపజేస్తే చాలు. కంటికది పెద్దక్షరాలుగా కనిపిస్తుంది. చెవికి శీర్షికగానే వినిపిస్తుంది. అర్థాన్ని మరుగుపరచే అలంకారం కావ్యంలోనే కాదు, ప్రకటనలోనూ దోషమే.