తాత కొన్న ధరా, తండ్రి పోయిన నాటి ధరా?

వారసత్వంగా వచ్చిన పొలం మీద పన్ను ఉండదని మనలో చాలామంది అనుకుంటాం. అది సగమే నిజం. మన దేశంలో 1985లో ఎస్టేట్ డ్యూటీ ఎత్తేశారు. అప్పటినుంచి తండ్రి పొలం కొడుకు పేరుకో కూతురు పేరుకో మారినప్పుడు ఆదాయపు పన్ను పడదు. పన్ను ఆ పొలాన్ని తర్వాత అమ్మినప్పుడు వస్తుంది. అప్పుడు లాభం ఎంత అని లెక్క కట్టడానికి ఒక 'కొన్న ధర' కావాలి. వారసుడు కొనలేదు కదా, మరి ఏ ధర తీసుకోవాలి? లక్షల రూపాయల తేడా అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ముందు మనకు వర్తించేదీ లేనిదీ తేల్చుకోవాలి. పల్లెటూరి వ్యవసాయ భూమి ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు. దాన్ని అమ్మితే ఈ పన్నే లేదు. డెల్టాలో ఎక్కువ పొలాలు ఈ కోవలోనివే. చిక్కు పట్టణాల చుట్టూ ఉన్న పొలాలకు వస్తుంది. మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్షలోపు ఉంటే దాని హద్దు నుంచి రెండు కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపు ఉంటే ఆరు కిలోమీటర్లు, అంతకు మించితే ఎనిమిది కిలోమీటర్లు పట్టణ భూమి కిందే లెక్క. మున్సిపాలిటీ హద్దు లోపల ఉన్న చేను సరేసరి. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజమండ్రి మూడు లక్షల పైచిలుకు, భీమవరం లక్ష పైచిలుకు, కనుక ఆ రెండింటి చుట్టూ ఆరు కిలోమీటర్లు. అమలాపురం యాభై వేల పైచిలుకు, కనుక రెండే కిలోమీటర్లు.

ఈ దూరాన్ని రోడ్డు వెంట కొలవరు, తిన్నగా గీత గీసి కొలుస్తారు. కాబట్టి రాజమండ్రి లెక్కలో గోదావరి అడ్డం కాదు. వంతెన దాటి చుట్టు తిరిగి వెళ్లాల్సిన కొవ్వూరు వైపు పొలాలు కూడా నది మీదుగా కొలిస్తే ఆరు కిలోమీటర్ల లోపలికి వచ్చేయవచ్చు. అందులో వరి పండుతున్నదా, లేఅవుట్ వేశారా అన్న దానితో ఈ కొలతకు సంబంధం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లోకంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒకదాన్ని స్టెప్డ్ అప్ బేసిస్ అంటారు. యజమాని చనిపోయిన రోజున ఆస్తి మార్కెట్ విలువ ఎంతో, వారసుడు ఆ ధరకే కొన్నట్టు భావిస్తారు. అమెరికాలో ఇదే పద్ధతి. రెండోది క్యారీ ఓవర్ బేసిస్. చనిపోయినవారు ఎంతకు కొన్నారో ఆ ధరే వారసుడికి దిగుతుంది. మన దేశంలో ఇదే. 1961 చట్టంలో సెక్షన్ 49(1) ఈ మాటే చెబుతుంది. కొత్త 2025 చట్టంలో సెక్షన్ అంకెలు మారినా సూత్రం మారలేదు. తండ్రికీ ఆ పొలం వారసత్వంగానే వచ్చి ఉంటే ఇంకా వెనక్కి, తాత దగ్గరికి పోవాలి. చివరిసారి డబ్బిచ్చి కొన్నవారు ఎవరో వారి ధరే ధర.

తాత 1960లలో కొన్న దస్తావేజు అందరి దగ్గరా ఉండదు. అందుకే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, పాత ధర బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. డెల్టా రైతు కుటుంబాలకు పనికొచ్చేది ఎక్కువగా ఇదే.

రెండు పద్ధతుల తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఇది ఊహకు తీసుకున్న కుటుంబమే అయినా ఇలాంటివి మన ఊళ్లలో చాలా ఉన్నాయి. రాజమండ్రి హద్దుకు నాలుగు కిలోమీటర్లలో ఒక ఎకరం. తాత 1968లో కొన్నాడు. తండ్రికి వచ్చింది. తండ్రి 2019లో కాలం చేశాడు. ఇద్దరు కొడుకులు, పెద్దవాడు ఊళ్లో, చిన్నవాడు అమెరికాలో. 2025 చివర్లో ఎకరం కోటీ అరవై లక్షలకు అమ్మారు. చెరి ఎనభై లక్షలు. 2001లో ఆ ఎకరం విలువ నాలుగు లక్షలు, అంటే ఒక్కొక్కరి వాటాకు రెండు లక్షలు. తండ్రి పోయిన నాటికి ఎకరం కోటీ ఇరవై లక్షలు, అంటే వాటాకు అరవై లక్షలు.

మన చట్టం ప్రకారం ఒక్కొక్కరి లాభం ఎనభై లక్షల్లోంచి రెండు లక్షలు తీసేయగా 78 లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 9 లక్షల 75 వేలు. సెస్సు, సర్‌ఛార్జీ ఇందులో కలపలేదు. మరణం నాటి విలువ తీసుకునే పద్ధతి మనకుంటే లాభం 20 లక్షలే. అదే రేటున పన్ను రెండున్నర లక్షలు. ఒక్క వాటాలో 7 లక్షల 25 వేల తేడా.

ఇదే పొలం మీద చిన్నవాడు అమెరికాలోనూ లెక్క చూపాలి. అక్కడి చట్టం ప్రకారం అతని లాభం తండ్రి పోయిన రోజు విలువ నుంచే మొదలవుతుంది. అంటే ఒకే చేను, ఒకే అమ్మకం. ఇండియా పుస్తకంలో లాభం 78 లక్షలు, అమెరికా పుస్తకంలో సుమారు 20 లక్షలు. ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు గానీ, ఇక్కడ ఎక్కువగా కట్టింది ఎవరూ తిరిగి ఇవ్వరు.

పెద్దవాడికి ఇంకో దారి ఉంది. 2024 జూలై 23కి ముందు సంపాదించిన భూమికి, ఇక్కడ నివసించేవారు పాత పద్ధతిలో లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టవచ్చు. పాత పద్ధతిలో రేటు 20 శాతం, కానీ 2001 విలువను ధరల సూచీతో పెంచుకోవచ్చు. 2025-26కి ఆ సూచీ 376, అంటే 3.76 రెట్లు. రెండు లక్షలు 7 లక్షల 52 వేలవుతుంది. లాభం 72 లక్షల 48 వేలు, పన్ను 14 లక్షల 49 వేల 600. కనుక ఇక్కడ 12.5 శాతమే నయం. 2025-26 అమ్మకాలకు గుర్తుంచుకోవాల్సింది ఇదీ: అమ్మిన ధర 2001 విలువకు ఎనిమిదింతలు దాటితే, కాస్త అటూ ఇటూగా, 12.5 శాతం మేలు. అంతకంటే తక్కువైతే పాత పద్ధతి మేలు. చిన్నవాడికి ఈ ఎంపిక లేదు, ఎందుకంటే అతను ఇక్కడ నివాసి కాడు.

పన్ను తగ్గించుకోవడానికి ఉన్న పెద్ద దారి సెక్షన్ 54బి. అమ్మిన రెండేళ్లలోపు మరో వ్యవసాయ భూమి కొంటే, కొన్నంత మేరకు లాభం మీద పన్ను ఉండదు. కొత్త పొలాన్ని మూడేళ్లు అమ్మకూడదు. రిటర్ను గడువులోపు కొనకపోతే ఆ డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. అయితే అమ్మడానికి ముందు రెండేళ్లు ఆ భూమిని అమ్మినవాడో అతని తల్లిదండ్రులో వ్యవసాయానికి వాడి ఉండాలి. తండ్రి పోయాక పొలం కౌలుకిచ్చి ఉంటే ఇక్కడే తకరారు వస్తుంది. సొంతంగా చేసినవారు రసీదులు, ఈ-క్రాప్ నమోదు, ధాన్యం అమ్మిన కాగితాలు తమ పేరున ఉంచుకోవాలి. విదేశంలో ఉన్నవారు మన దేశంలో వ్యవసాయ భూమి వారసత్వంగా పొందవచ్చు గానీ కొనకూడదు. కాబట్టి చిన్నవాడికి ఈ దారి కూడా మూసుకున్నట్టే.

మరో అన్యాయం ఉంది. పొలం అమ్మేటప్పుడు, మనకు ముట్టిన ధర కంటే రిజిస్ట్రార్ విలువ పది శాతానికి మించి ఎక్కువుంటే, రిజిస్ట్రార్ విలువనే అమ్మకం ధరగా తీసుకుంటారు. కానీ 2001 విలువ దగ్గర మాత్రం, ఆనాటి రిజిస్ట్రార్ విలువను దాటి చూపడానికి వీల్లేదని 2020 బడ్జెట్‌లో కట్టడి పెట్టారు. ఆ రోజుల్లో పుస్తకం విలువ అసలు ధరలో ఎంతుండేదో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతి రైతుకూ తెలుసు. అమ్మేటప్పుడు ప్రభుత్వ విలువ నేల, లెక్క మొదలుపెట్టేటప్పుడు అదే ప్రభుత్వ విలువ కప్పు. రెండు చోట్లా నష్టం రైతుకే. వారసత్వ పొలం అమ్మాలనుకునేవారు ముందుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ధ్రువపత్రం తీసుకోవాలి. అది చేతిలో లేకుండా బేరానికి కూర్చోవద్దు.

మరి మన సంఘం అమెరికా పద్ధతి కావాలని అడగాలా? వద్దని మా అభిప్రాయం. అక్కడ ఎక్కువ లాభపడేది బాగా కలిగినవాళ్లు. ఆస్తి అమ్మకుండా చనిపోయేదాకా అట్టేపెడితే, ఒక తరంలో పెరిగిన విలువంతా పన్ను నుంచి తప్పించుకుపోతుంది. అక్కడ పెద్ద ఎస్టేట్ల మీద కనీసం వేరే పన్నైనా ఉంది. మన దగ్గర అదీ లేదు. ఆ పద్ధతి ఇక్కడ తెస్తే పట్టణాల అంచున భూములు పోగేసినవారికి పండగ. పొలం చేసే కౌలు రైతుకు ఒరిగేది శూన్యం.

అలాగని తాత ధరనే పట్టుకు వేలాడటమూ కుదరదు. అమెరికా కూడా 1976లో మనలాంటి పద్ధతికి మారాలని చట్టం చేసింది. ముత్తాతల నాటి ధరలు రుజువు చేయలేమని గోల లేవడంతో అమలు వాయిదా వేసి, చివరికి 1980లో రద్దు చేసుకుంది. మన దేశం దానికి మధ్యేమార్గం కనిపెట్టింది. కొంతకాలానికోసారి మూల తేదీని ముందుకు జరపడమే ఆ మార్గం. మొదట 1954, తర్వాత 1964, 1974, 1981 అయ్యాయి. 2017 బడ్జెట్ దాన్ని 2001కి మార్చింది. తేదీ జరిగిన ప్రతిసారీ అంతకు ముందు పెరిగిన విలువ మీద పన్ను మాఫీ అయినట్టే. పైగా ఆ తేదీ తర్వాత పెరిగిన ధరలకు సూచీ కొంత కాపు కాసేది. ఇప్పుడు 12.5 శాతం రేటులో సూచీ లేదు. తేదీ 2001 దగ్గరే గడ్డకట్టింది. అంటే పాతికేళ్ల ధరల పెరుగుదలంతా లాభం కిందే రాస్తున్నారు.

అందుకే మన డిమాండ్లు మూడు. ఒకటి, 2001 మూల తేదీని ముందుకు జరపాలి, ఆ తర్వాత పదేళ్లకోసారి జరుపుతామని చట్టంలోనే రాయాలి. రెండు, 2001 విలువ మీద పెట్టిన రిజిస్ట్రార్ విలువ కట్టడిని వ్యవసాయ భూమికి ఎత్తేయాలి. మూడు, కుటుంబమే సాగు చేసుకుంటున్న అయిదెకరాల లోపు వారసత్వ పొలానికి మాత్రం తండ్రి పోయిన నాటి విలువను ఎంచుకునే వీలివ్వాలి. మా లెక్కలోని పెద్దవాడు పొలం సొంతంగా చేసుకుంటున్నవాడైతే, ఈ మూడోదొక్కటే అతనికి 7 లక్షల 25 వేలు మిగులుస్తుంది. ఆ డబ్బుతో లోపలి ఊళ్లో మరో చెక్క కొనుక్కుని అతను రైతుగానే మిగులుతాడు. మండల సమావేశాల్లో తీర్మానం చేసేటప్పుడు ఈ మూడింటినీ విడివిడిగా రాసి, మీ ఊళ్లో జరిగిన అమ్మకాల లెక్కలు జత చేసి పంపండి.