గణితంలో తప్పిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందినది. ముందు ఈ మాట చెప్పు: అన్నం తిన్నావా? ఫలితాలు వచ్చిన నాటినుండి కంచం ముందు కూర్చుని లేచిపోతున్నావట, మీ అమ్మ బెంగ పెట్టుకున్నది. ఏడుపు వస్తే ఏడువు, ఎవరూ తప్పు పట్టరు. మార్కులు తగ్గినవి గాని నీవు మాకు తగ్గలేదు. ఆదివారం మీ అత్తయ్య పులిహోర చేస్తుంది, వచ్చి తిను. ఆ పూట పరీక్షల ఊసెత్తము.

నీవు పంపిన జవాబుపత్రం నకలు చూచాను. దానిని తెప్పించుకొనడం మంచి పని. మన కర్ణాటకలో ద్వితీయ పీయూసీ వారు ముందుగా ఆ స్కాన్ ప్రతి తీసికొన్న తరువాతనే రీవాల్యుయేషన్ కోరవలెను. లోపలి పుటల మార్కులు కూడి, మొదటి పుటలోని మొత్తంతో సరిచూచాను. దిద్దకుండా వదలిన జవాబు ఉన్నదేమోనని వెదకాను. లేదు. కనుక దానికి డబ్బు కట్టి ఎదురుచూడనక్కరలేదు.

అయితే ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. 13 మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉన్నది. అడుగుభాగాన్ని సెకనుకు 12 సెంటీమీటర్ల చొప్పున గోడకు దూరంగా లాగుతున్నారు. గోడనుండి 5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు పైకొన ఎంత వేగంతో జారుతుంది? నీవు పైథాగరస్ సూత్రం సరిగానే వ్రాశావు. కాని దూరం స్థానంలో వెంటనే 5 వేసి, ఆపైన డిఫరెన్షియేట్ చేశావు. 5 మారని అంకె గదా, వేగం సున్న వచ్చింది. కంగారుపడి అంతా కొట్టివేశావు. ముందు డిఫరెన్షియేట్ చేసి, తరువాత 5 వేసి ఉంటే, అప్పటి ఎత్తు 12 మీటర్లు గనుక, 12ను 5తో గుణించి 12తో భాగిస్తే సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున కిందికి జారుతున్నదని తేలేది.

ఇది లెక్క రాకపోవడం కాదు, అమ్మాయీ. ప్రశ్నలోని 'వెన్' అనే మాట ఆ ఒక్క క్షణాన్ని చూపుతున్నది. నీవు దానిని ఎల్లప్పటికీ అన్వయించుకొన్నావు. ఇంట తెలుగు, పదవ తరగతి వరకు బడిలో కన్నడం, ఆపైన ఒక్కసారిగా ఇంగ్లీషు. మన ఇండ్ల పిల్లలకు ఈ చిక్కు వస్తూనే ఉన్నది.

2024 నుండి ఏడాదికి ఒక్క పరీక్షతో ముగిసే పద్ధతి పోయినది. రెండవ పరీక్ష వ్రాస్తే, రెంటిలో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తవి. ఫారం గడువు కొద్ది రోజులే, నాన్నగారికి గుర్తుచేయి. అంతవరకు దినమునకు రెండు మాటల లెక్కలు చాలు. ఒక్కొక్కటి చేసేముందు, ఏది మారుతున్నది, ఏది మారదు, ఏ క్షణం అడుగుతున్నారు అని తెలుగులో మూడు ముక్కలు వ్రాసికో. అర్థం కాని మాట వస్తే గీత గీసి ఉంచు, సాయంత్రం ఆఫీసు నుండి రాగానే కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య