పొక్కు కనపడేలోపే సంత దాటుతుంది

2001 ఫిబ్రవరి 19న ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, ఒక కబేళాకు వచ్చిన పందుల్లో గాలికుంటు లక్షణాలు కనిపించాయి. మర్నాడే అది గాలికుంటేనని నిర్ధారణ అయింది. దేశమంతటా పశువుల రవాణాను ఆపుతూ ఉత్తర్వులు మాత్రం 23న వచ్చాయి. మధ్యలో జారిపోయినవి మూడు రోజులు. ఆ వ్యాధి సద్దుమణిగేసరికి సెప్టెంబరు ముగిసింది. 2,026 చోట్ల వ్యాధి బయటపడింది. అరవై లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది.

అసలు మొదలైంది ఎసెక్స్‌లో కాదు. ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో ఒక పందుల పెంపకందారు సరిగా ఉడికించని ఎంగిలి తిండిని పందులకు పెట్టాడు. వైరస్ అలా లోపలికి వచ్చిందన్నది దర్యాప్తులో తేలిన మాట. జబ్బు పడిన పందులు ఊపిరితో వదిలిన వైరస్ గాలిలో కొన్ని కిలోమీటర్లు పోయి మరో రైతు గొర్రెలకు సోకింది. గాలి చేసింది అంతవరకే. మిగతా పని మనుషులు చేశారు. ఫిబ్రవరి 13న ఆ గొర్రెల్లో కొన్ని హెక్సమ్ సంతకు వెళ్లాయి. అక్కడి నుంచి బేరగాళ్ల చేతుల మీదుగా లాంగ్‌టౌన్‌లోని పెద్ద సంతకు చేరాయి. అక్కడ వేల గొర్రెల్లో కలిసిపోయి, లారీలెక్కి స్కాట్లండ్ సరిహద్దు మొదలు దక్షిణాన డెవన్ దాకా పోయాయి. ఎసెక్స్‌లో తొలి కేసు తేలేనాటికే కనీసం 57 చోట్ల జబ్బు పాకిపోయి ఉందని తర్వాత లెక్క తేలింది. అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

తెలియకపోవడానికి కారణం గొర్రె. గొర్రెకు గాలికుంటు వస్తే ఒకటి రెండు రోజులు కుంటుతుంది, నోట్లో చిన్న పుండ్లు లేచి మానిపోతాయి. మందలో దాన్ని పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఆవులోనూ గేదెలోనూ జబ్బు ఇలా దాగదు. ముందు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం వస్తుంది. సాయంత్రం పితికేటప్పుడు పాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. నెమరు ఆగుతుంది, మేత ముట్టదు. ఆ తర్వాత తీగలా సాగే చొంగ, నోరు చప్పరించే శబ్దం. నోరు తెరిచి చూస్తే నాలుక మీద, చిగుళ్ల మీద నీటి పొక్కులు. అవి ఒకటి రెండు రోజుల్లోనే చితికి, నాలుక పైపొర తొడుగులా ఊడి వచ్చి, కింద ఎర్రటి పచ్చి పుండు మిగులుతుంది. గిట్టల చీలికలో, చనుకట్ల మీద కూడా అవే పొక్కులు. పశువు కాలు విదిలిస్తుంది, అడుగు వేయలేదు. పెద్ద పశువులు చాలావరకు బతుకుతాయి గానీ, పొదుగువాపు వచ్చి పాలు పాత స్థాయికి రాకపోవచ్చు, చూలు పోవచ్చు. దూడల సంగతి వేరు. వైరస్ గుండె కండరానికి పట్టడంతో పొక్కులు లేవకుండానే, నిన్నటిదాకా గెంతులు వేసిన దూడ ఉన్నట్టుండి పడి చచ్చిపోతుంది. పాకలో అలా దూడ పోతే పాముకాటు అనుకుని ఊరుకోకుండా తల్లి నోరు తెరిచి చూడాలి.

ఈ పుండ్లకు ఇంకో ఉపయోగం ఉంది. పగలని పొక్కు అయితే ఒకటి రెండు రోజులది. అంచున తోలు వేలాడుతున్న ఎర్రటి పుండు అయితే మరికాస్త ముదిరినది. పసుపు పొర కట్టడం మొదలైతే నాలుగైదు రోజులు దాటాయి. అంచులు గట్టిపడి మానుతుంటే వారం పైమాటే. మందలో అన్నిటికంటే పాత పుండు వయసు తేల్చి, దానికి వైరస్ పొదిగే కాలం 2 నుంచి 14 రోజులు కలిపి వెనక్కి లెక్కేస్తే జబ్బు పాకలోకి ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. ఆ రోజుల్లో ఏ పశువు ఏ సంత నుంచి వచ్చింది, ఏది ఎటు పోయింది, పాల క్యాన్లవాడు ఎవరెవరి ఇంటికి తిరిగాడు అని అడగాల్సింది అప్పుడు. ఈ వెనక్కి వెతకడం పూర్తయ్యేదాకా కొత్త కదలికలు ఆగకపోతే వెతుకులాట ఎప్పుడూ జబ్బుకు వెనకే ఉంటుంది.

పశువుల కదలికను ఆపడమంటే జబ్బు పశువును కట్టేయడమే అనుకుంటాం. కుంటే పశువును ఎవరూ సంతకు తోలరు. ఆపాల్సింది బాగున్నట్టు కనిపించే పశువును. లక్షణాలు బయటపడకముందే ఆవు చొంగలో, పాలల్లో వైరస్ ఉంటుంది. అయితే ఇక్కడ ఒక వివరం చెప్పుకోవాలి. 2011లో బ్రిటన్ పరిశోధకులు ఆవులతో చేసిన ప్రయోగంలో, ఒక ఆవు పక్క ఆవుకు జబ్బు అంటించే కాలం సగటున రెండు రోజులకు లోపేననీ, అది ఎక్కువగా లక్షణాలు మొదలయ్యాకేననీ తేలింది. ఇది ధైర్యమిచ్చే మాటే, కానీ తొలి గంటల్లోనే గుర్తించే ఇంట్లో. ఉదయం జ్వరంతో ఉన్న గేదె మధ్యాహ్నానికి సంతలో నిలబడితే ఆ రెండు రోజులూ నూరు పశువుల మధ్యే గడుస్తాయి. నడిచొచ్చి అలిసిపోయిందనుకుంటారు గానీ నోరు తెరిచి చూసేదెవరు?

అదే బ్రిటన్‌లో 2007 ఆగస్టు 3న సర్రేలో జబ్బు తేలింది. ఈసారి రవాణా నిషేధం అదే రోజు పెట్టారు. పిర్‌బ్రైట్‌లోని ప్రయోగశాల ఆవరణ నుంచి వైరస్ బయటపడి వచ్చిన జబ్బు అది. మొత్తం వ్యాధి సోకినవి ఎనిమిది చోట్లు. ఘనతంతా నిషేధానిదే అనను. ఈసారి వైరస్ ఎక్కడో దూరాన కాక ప్రయోగశాల పక్కనే దొరికింది. పైగా సెప్టెంబరు 8న ఆంక్షలు ఎత్తేస్తే 12న మళ్లీ కేసు వచ్చింది. కనపడని ఒక మంద మధ్యలో మిగిలిపోయింది. నిషేధం పెట్టడంలో తొందర ఎంత అవసరమో, ఎత్తడంలో నిదానం అంత అవసరం.

మన దగ్గర పశువులను చంపి వ్యాధిని తుడిచేసే మార్గం లేదు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి టీకా వేయడమే ఆధారం. O, A, ఆసియా-1 రకాలకు ఆ టీకా పనిచేస్తుంది. కానీ సూది వేసిన రోజే రక్షణ రాదు, వారం పదిరోజులు పడుతుంది. టీకా పడ్డ పశువు పైకి జబ్బు చూపకుండా వైరస్‌ను మోయగలదు కూడా. ఊరి చుట్టూ హడావిడిగా టీకాలు వేస్తున్న వారంలోనే సంత నడిస్తే ఆ సూదులు చాలావరకు వృథా.

చట్టం లేక కాదు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం జబ్బు అనుమానం వస్తే తెలపాల్సిన బాధ్యత యజమానిదే. జబ్బు ఉందని నమ్మకం కుదిరితే ఆ ప్రాంతాన్ని వ్యాధిగ్రస్తమని ప్రకటించే అధికారం స్థానిక పశువైద్యాధికారికే ఉంది. మైకులో చెప్పించి, డప్పు వేయించి ప్రకటించాలని కూడా అందులో రాశారు. పాల నష్టానికి పరిహారం ఇచ్చే ఏర్పాటు మాత్రం అందులో లేదు. అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. మూడు గేదెలున్న రైతు చొంగ చూడగానే డాక్టరుకు ఫోన్ చేస్తే, సంత మూతపడుతుంది, పాల కేంద్రం పాలు వద్దంటుంది, పక్కింటివాళ్లు తప్పు పడతారు. ఇంకా బాగున్న గేదెను ఆ రాత్రికి రాత్రే బేరగాడికి అప్పగిస్తే చేతికి ఎంతో కొంత వస్తుంది. జబ్బును జిల్లా దాటించేది ఆ గేదే. కబురు చేసిన రైతుకు ఆంక్షలు ఉన్నన్నాళ్లూ రోజుకు ఇన్ని లీటర్లని లెక్కగట్టి డబ్బు ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. అది లేకుండా పెట్టే నిషేధాన్ని రైతు పాటించాలంటే తన ఇంటి ఖర్చును తానే ఆపుకోవాలి.