గెత్సేమనేలో తొస్కా



రష్యన్ భాషలో తొస్కా అనే మాట ఉంది. రాయడం అలా రాస్తారు గానీ, పలికేటప్పుడు దాదాపు తస్కా అని వినబడుతుంది. గుండె మీద బరువుగా కూర్చునే దిగులుకు, ఆరాటానికి వారు పెట్టుకున్న పేరు అది. దీని ఛాయలన్నీ పలికే మాట ఇంగ్లీషులో ఒక్కటీ లేదని, పుష్కిన్ కావ్యానికి 1964లో ప్రచురించిన అనువాదపు వివరణల్లో నబొకోవ్ అనే రచయిత రాశాడు.

ఈ మాటలో మెట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పై మెట్టు, ఏమీ తోచకపోవడం. దాని కింద, ఊరి కోసమో మనిషి కోసమో పడే బెంగ. తల్లి పక్కన లేకపోతే పిల్లవాడు బెంగపెట్టుకున్నాడని మనం అంటామే, అదే. ఇంకా లోతుకు వెళ్తే, దేని కోసమో తెలియని వెలితి. అట్టడుగున, కారణం చెప్పలేని ఆత్మవేదన. ఈ మాటకు పాత రష్యన్‌లో ఇరుకు, బిగింపు అనే అర్థం కూడా ఉండేదట. నాలుగవ కీర్తనలో దావీదు తన కష్టాన్ని ఇరుకు అనే చెప్పుకున్నాడు. ఇంకో విశేషం: రష్యన్లు ‘నేను దిగులుపడుతున్నాను’ అని కాకుండా, మనలాగే ‘నాకు దిగులుగా ఉంది’ అని కూడా అంటారు. దిగులు మనిషి చేసే పని కాదు, అతని మీదికి వచ్చేది అన్నట్టు.

అయితే మేము ఈ మాట ఎత్తుకున్నది భాష కోసం కాదు. 1876లో పూర్తయిన రష్యన్ బైబిలులో మత్తయి 26:37 దగ్గర, గెత్సేమనే తోటలో ప్రభువు స్థితిని చెప్పడానికి ఈ మాట నుండి వచ్చిన క్రియనే వాడారు. మన బైబిలులో చింతాక్రాంతుడగుట అని ఉన్నచోట, వారి బైబిలులో ప్రభువు తొస్కా పడడం మొదలుపెట్టాడు. మార్కు 14:33లోనూ అంతే. దిగులుపడడమే అవిశ్వాసం అని బోధించేవారు ఈ వచనం దగ్గర ఆగి జవాబు చెప్పాలి. ఆ రాత్రి ప్రభువు ముగ్గురు శిష్యులను అడిగింది బోధ కాదు, ఓదార్పు మాటలూ కాదు. తనతో మెలకువగా ఉండమన్నాడు. వారు నిద్రపోయారు.

పదేళ్ల తరువాత, 1886లో, చెహోవ్ తొస్కా అనే పేరుతోనే ఒక చిన్న కథ రాశాడు. ఐయోనా అనే ముసలాయన పీటర్స్‌బర్గ్ మంచులో గుర్రపుబండి తోలుకుని బతుకుతాడు. కొడుకు చనిపోయి వారం కావస్తోంది. బండెక్కిన సైనికాధికారికి ఆ సంగతి చెబుతాడు. ఎలా పోయాడని ఆయన ఒక్క మాట అడిగి, కాసేపటికి కళ్లు మూసుకుంటాడు. తరువాత ముగ్గురు కుర్రవాళ్లు ఎక్కుతారు. అందరం పోయేవాళ్లమే, త్వరగా తోలమంటాడు వారిలో ఒకడు. రాత్రి బసలో నీళ్ల కోసం లేచిన కుర్ర బండివాడికి చెప్పబోతే, అతడు అప్పటికే ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. కొడుక్కి జబ్బు ఎలా వచ్చింది, ఎంత బాధపడ్డాడు, చివరికి ఏమన్నాడు, ఎలా పోయాడు, ఇవన్నీ వరుసగా చెప్పుకోవాలని ఐయోనా కోరిక. చివరికి గుర్రానికి మేత వేస్తూ దానికే చెప్పుకుంటాడు.

‘అందరం పోయేవాళ్లమే’ అన్నది అబద్ధం కాదు. మనం దుఃఖపు ఇళ్లకు వెళ్లి చెప్పే చాలా మాటలు కూడా అబద్ధాలు కావు. ‘దేవుని చిత్తం, ఏడవకూడదు, సాక్ష్యం పోతుంది’ అని గుమ్మంలోనే మొదలుపెడతాం. ఆ తల్లి చెప్పబోయిన మాట గొంతులోనే ఆగిపోతుంది. ఆమెను ఓదార్చామని మనం, తన మాట ఎవరూ వినలేదని ఆమె.

మెట్టు ఏదో చూసి మాట్లాడాలని మా అభిప్రాయం. తోచని కుర్రవాడికి పని చెప్పవచ్చు. గల్ఫ్‌లో ఉన్న భర్త కోసం బెంగపడే చెల్లెలికి ఫోను మాట్లాడే వీలు కల్పించవచ్చు. అడుగు మెట్టున ఉన్నవారి దగ్గర మాత్రం కూర్చోవడమే. అయితే వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, బతకాలని లేదని ఒక్కసారి నోట వచ్చినా, వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రార్థన ఆసుపత్రిలోనూ చేయవచ్చు. మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, మా పేరు చెప్పండి, మేము మాట్లాడతాం.

ఈ నెల నుండి మన సంఘపు పెద్దలతో ఒక మాట అనుకున్నాం. మరణం జరిగిన ఇంటికి వెళ్తే, బైబిలు తెరవకముందు ‘ఎలా జరిగిందమ్మా’ అని అడుగుతాం. వారు చెప్పడం అయ్యేదాకా వాక్యం చదవం, గడియారం చూడం.